కొత్త భాగస్వామి వచ్చినప్పుడు గుడ్‌విల్ లెక్క ఎలా వేయాలి, ఎవరి ఖాతాలో ఎంత రాయాలి

ప్రతి ఏప్రిల్‌లో హన్మకొండలోని మా ఆఫీసుకు రెండు రకాల మనుషులు ఒకే ప్రశ్నతో వస్తారు. ఒకరు బీకామ్ చదివే పిల్లలు. ఇంకొకరు దుకాణాల్లో లెక్కలు రాసే గుమాస్తాలు, కొన్నిసార్లు యజమానులే. "సార్, కొత్త పార్ట్‌నర్ వస్తున్నడు. గుడ్‌విల్ డబ్బు తెస్తున్నడు. దాన్ని పాతవాళ్లకు ఎట్ల పంచాలె?" అని అడుగుతారు. వాళ్లు తెచ్చిన కాగితం చూస్తే ఎక్కువసార్లు ఒకే తప్పు కనిపిస్తుంది. డబ్బును పాత లాభాల నిష్పత్తిలో పంచేసి ఉంటారు. కొన్ని సందర్భాల్లో అది సరిపోతుంది, కొన్నింట్లో ఒక భాగస్వామికి అన్యాయం జరుగుతుంది. ఎప్పుడు సరిపోతుంది, ఎప్పుడు సరిపోదు అన్నది ఒక దుకాణం లెక్క మొదటి నుంచి చివరి దాకా వేసి చూపిస్తాను. మీరు కాగితం, క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ఒక మాట. దుకాణం ఖాళీ చేసి ఇచ్చేటప్పుడు తీసుకునే పగిడీని కూడా మన దగ్గర కొందరు గుడ్‌విల్ అంటారు. ఇక్కడ మాట్లాడేది దాని గురించి కాదు. పెట్టిన పెట్టుబడికి మామూలుగా రావాల్సిన దానికంటే ఎక్కువ లాభం తెచ్చిపెట్టే వ్యాపారపు పేరు, గిరాకీ, నమ్మకం విలువే ఈ గుడ్‌విల్. కొత్త మనిషి రేపటి లాభంలో వాటా తీసుకుంటాడు. ఆ లాభం వచ్చేలా దుకాణాన్ని నిలబెట్టింది పాతవాళ్లు. అందుకే వాళ్లు వదులుకున్న వాటాకు అతను ధర కడతాడు.

మన ఉదాహరణ

ఎనుమాముల మార్కెట్ వైపు అన్నదమ్ములు కలిసి నడిపే విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఒకటి అనుకుందాం. లాభాలు అన్నకు 3, తమ్ముడికి 2 చొప్పున, అంటే 3:2. అన్న బామ్మర్దిని 2025 ఏప్రిల్ 1 నుంచి 1/5 వాటాకు చేర్చుకుంటున్నారు. కొత్త నిష్పత్తి అన్న 5, తమ్ముడు 3, బామ్మర్ది 2 అని ముగ్గురూ ఒప్పుకున్నారు. బామ్మర్ది 4,00,000 రూపాయల మూలధనం, దానికి అదనంగా తన వాటా గుడ్‌విల్ తెస్తాడు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత భాగస్వామ్య ఒప్పంద పత్రం, కొత్త ఒప్పందం చిత్తుప్రతి
- గడిచిన మూడేళ్ల లాభనష్టాల ఖాతాలు
- చేరిక ముందు రోజుకు, అంటే 31-3-2025 నాటికి ఆస్తి అప్పుల పట్టీ
- అదే రోజు చేతితో లెక్కపెట్టిన సరుకు జాబితా, ఉద్దెర ఖాతాల జాబితా

వీలుంటే చేరిక తేదీని ఏప్రిల్ 1గానే పెట్టుకోండి. దసరా మంచిరోజని నడి సంవత్సరంలో చేర్చుకుంటే ఆ రోజుకు సరుకు లెక్కపెట్టాలి, అప్పటిదాకా వచ్చిన లాభం విడదీసి పాతవాళ్లకు మాత్రమే పంచాలి. చేయలేనిదేమీ కాదు గానీ పని రెట్టింపు అవుతుంది.

1. నిష్పత్తిని కాగితం మీద పెట్టించండి

1932 భాగస్వామ్య చట్టం 31వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, పాత భాగస్వాములందరి సమ్మతి లేకుండా కొత్తవారిని చేర్చుకోవడం కుదరదు. ఆ సమ్మతితో పాటే ఎవరి వాటా ఎంత అవుతుందో కూడా రాయించండి. "బామ్మర్దికి 1/5" అని మాత్రమే రాసి వదిలేస్తే చాలదు. ఆ 1/5 ఎవరి వాటాలోంచి వస్తోందన్నదే ఈ మొత్తం లెక్కకు ఆధారం. దాని గురించి ఏమీ రాయకపోతే అన్నదమ్ములు తమ పాత నిష్పత్తిలోనే వదులుకున్నట్టు లెక్క. అలాంటప్పుడు మిగిలిన 4/5ను 3:2లో పంచుతారు.

మన దుకాణంలో అలా కాదు. 5:3:2 అని స్పష్టంగా అనుకున్నారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ఐదో మెట్టులో దీనితో పని ఉంది.

2. పాత ఖాతాలు పాతవాళ్ల మధ్యే తేల్చేయండి

కొత్త మనిషి రాకముందు జరిగిన మంచిచెడ్డలన్నీ అన్నదమ్ములవే. కాబట్టి ఈ మెట్టులో ప్రతి అంకెనూ పాత నిష్పత్తి 3:2లోనే పంచాలి.

31-3-2025న అన్న మూలధనం 8,40,000, తమ్ముడిది 5,60,000. సాధారణ నిల్వ 1,50,000 ఉంది. వాళ్లు ఈ దుకాణాన్ని వెనకటి యజమాని దగ్గర కొన్నప్పుడు పేరుకు కట్టిన 1,00,000 ఇంకా గుడ్‌విల్ ఖాతాలో ఆస్తిగా కనిపిస్తోంది.

ఆస్తుల విలువ మళ్లీ కట్టారు. దుకాణం పేరు మీదున్న గోదాం స్థలం 1,00,000 పెరిగింది. గడువు దగ్గరపడ్డ మందు డబ్బాల వల్ల సరుకు 20,000 తగ్గింది. రాని బాకీలకు 30,000 పక్కన పెట్టారు. అన్నీ పోను పునర్మూల్యాంకన లాభం 50,000.

బాకీల దగ్గర కాస్త ఆగండి. మన దగ్గర రైతు ఉద్దెర పంట అమ్మాకే తీరుతుంది. మార్చి 31 నాటికి మిర్చి ఇంకా మార్కెట్‌కు వస్తూనే ఉంటుంది. ఆ రోజుకు బాకీ కనిపిస్తోందని అన్నీ రానివిగా రాయకండి. రెండు సీజన్లు దాటినవి, మనిషి ఊరు వదిలి వెళ్లినవి ఒక్కొక్కటిగా చూసి తేల్చండి. బాకీలను మరీ తక్కువగా లెక్కగడితే, తర్వాత వసూలయ్యే డబ్బులో బామ్మర్దికి ఉత్తపుణ్యానికి వాటా పోతుంది. ఎక్కువగా చూపితే పాత నష్టం అతని నెత్తిన పడుతుంది.

ఇప్పుడు మూలధనాలు ఇలా మారతాయి:

అన్న: 8,40,000 + నిల్వలో వాటా 90,000 + పునర్మూల్యాంకన లాభం 30,000 − పాత గుడ్‌విల్ రద్దు 60,000 = 9,00,000

తమ్ముడు: 5,60,000 + 60,000 + 20,000 − 40,000 = 6,00,000

పాత గుడ్‌విల్‌ను రద్దు చేసే పద్దులో అన్న మూలధనం 60,000, తమ్ముడి మూలధనం 40,000 డెబిట్ చేసి గుడ్‌విల్ ఖాతా 1,00,000 క్రెడిట్ చేయాలి. దీన్ని చాలామంది మరచిపోతారు. వదిలేస్తే ఒకే పేరుకు బామ్మర్ది రెండుసార్లు ధర కట్టినట్టవుతుంది: ఒకసారి నగదుగా, ఇంకోసారి ఆ పాత అంకె రద్దయ్యే రోజున తన వాటా నష్టంగా.

3. మూడేళ్ల లాభాన్ని శుభ్రం చేయండి

పుస్తకంలో ఉన్న లాభాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని సగటు కట్టడం రెండో పెద్ద తప్పు. మళ్లీ మళ్లీ వచ్చేది ఏది, ఒక్కసారే వచ్చి పోయింది ఏది అని ఏడాదికేడాది చూడాలి.

2022-23 లాభం 7,10,000. అందులో పాత ట్రాలీ ఆటో అమ్మితే వచ్చిన లాభం 50,000 ఉంది. అది విత్తనాలు అమ్మి సంపాదించింది కాదు, తీసేయండి. మిగిలింది 6,60,000.

2023-24 లాభం 5,90,000. ఆ ఏడాది జూలై చివరి వానలకు వరంగల్ ఎలా మునిగిందో మీకు తెలుసు. మన దుకాణంలో 1,30,000 సరుకు తడిసి పోయింది. మామూలు ఏడాదిలో రాని నష్టం కాబట్టి తిరిగి కలపండి. 7,20,000 అవుతుంది. అయితే దుకాణం పల్లంలో ఉండి ప్రతి వానాకాలం నీళ్లు వస్తుంటే మాత్రం దాన్ని అనుకోని నష్టం అనకండి. అది ఆ దుకాణపు మామూలు ఖర్చే. అమ్మేవైపు వాళ్లు దాన్ని కలపమంటారు, కొనేవైపు వాళ్లు వద్దంటారు. లెక్క రాసే మీరు వెనకటి ఏళ్లు చూసి తేల్చాలి.

2024-25 లాభం 8,00,000. ఇందాక చెప్పిన 20,000 సరుకు ఎక్కువ చూపించడం వల్ల వచ్చింది, తీసేస్తే 7,80,000.

మూడూ కలిపితే 21,60,000. సగటు 7,20,000.

ఇంకో పని మిగిలింది, అసలైంది అదే. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నుంచి రాత్రిదాకా దుకాణంలోనే ఉంటారు, జీతం మాత్రం రాసుకోరు. వాళ్ల స్థానంలో ఇద్దరు మనుషులను పెడితే నెలకు తలా 15,000 అయినా ఇవ్వాలి. ఏడాదికి 3,60,000. అది దుకాణం పేరు తెచ్చిన లాభం కాదు, వాళ్ల చెమట. దాన్ని తీసేస్తే మిగిలేది 3,60,000. చిన్న దుకాణాల్లో గుడ్‌విల్ అంకె ఆకాశానికి వెళ్లడానికి ప్రధాన కారణం ఈ జీతం తీసేయకపోవడమే.

4. గుడ్‌విల్ విలువ కట్టండి

పరీక్షలో పద్ధతి ప్రశ్నలోనే ఇస్తారు, అదే వాడండి. నిజమైన దుకాణానికైతే నేను అధిక లాభం పద్ధతినే ఎంచుకుంటాను. సగటు లాభాన్ని నేరుగా హెచ్చవేస్తే పెట్టుబడికి వచ్చే మామూలు ఆదాయానికి కూడా పేరు ధర కట్టినట్టవుతుంది.

పెట్టుబడి: 9,00,000 + 6,00,000 = 15,00,000

మామూలు లాభం, నూటికి 12 చొప్పున: 1,80,000

అధిక లాభం: 3,60,000 − 1,80,000 = 1,80,000

ఈ అధిక లాభం ఎన్నేళ్ల పాటు పాతవాళ్ల పుణ్యాన వస్తుందన్నది బేరం. బామ్మర్ది రెండేళ్లన్నాడు, అన్నదమ్ములు మూడేళ్లన్నారు, రెండున్నర దగ్గర కుదిరింది. 1,80,000 × 2.5 = 4,50,000. ఇదీ దుకాణం మొత్తం గుడ్‌విల్. బామ్మర్ది కట్టాల్సింది ఇందులో 1/5, అంటే 90,000 మాత్రమే. మొత్తం 4,50,000ను ఒక్కడి దగ్గరే వసూలు చేసినట్టు రాసిన పుస్తకాలూ నేను చూశాను.

12 శాతం, రెండున్నర ఏళ్లు అనేవి ఎక్కడా చట్టంలో లేవు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టిన అంకెలు. అందుకే ఆ రెండూ ఒప్పందంలో రాసి ఉండాలి.

5. ఎవరు ఎంత వదులుకున్నారో కనుక్కోండి

పాత వాటాలోంచి కొత్త వాటా తీసేయాలి, అంతే. దీన్నే త్యాగ నిష్పత్తి అంటారు.

అన్న: 3/5 − 5/10 = 6/10 − 5/10 = 1/10

తమ్ముడు: 2/5 − 3/10 = 4/10 − 3/10 = 1/10

ఇద్దరూ సమానంగా వదులుకున్నారు. త్యాగ నిష్పత్తి 1:1, పాత నిష్పత్తి మాత్రం 3:2. కాబట్టి 90,000ను 45,000 చొప్పున పంచాలి. పాత నిష్పత్తిలో పంచితే అన్నకు 54,000, తమ్ముడికి 36,000 పోతుంది. తమ్ముడికి 9,000 తక్కువ. నేను లెక్కలు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక దుకాణానికి అచ్చం ఇలాగే రాశాను. మరుసటి ఏడాది ఆ తమ్ముడే కాగితం పట్టుకొచ్చి, "నా వాటా ఎక్కువ తగ్గింది, నాకు తక్కువ ఎందుకు వచ్చింది?" అని అడిగాడు. నిజమే, తన పాత వాటాలో నాలుగోవంతు వదులుకున్నాడు, అన్న ఆరోవంతే వదులుకున్నాడు. ఆ పద్దు సరిదిద్దాను. అప్పటి నుంచి ఈ మెట్టును ఎవరి దగ్గరా దాటవేయను.

పాత నిష్పత్తిలో పంచితే సరిపోయేది ఒక్క సందర్భంలోనే. పాతవాళ్ల మధ్య నిష్పత్తి చేరిక తర్వాత కూడా మారకుండా ఉండాలి.

6. పద్దులు రాయండి

బామ్మర్ది మొత్తం డబ్బు బ్యాంకులో వేశాడనుకుందాం.

మొదటి పద్దు:
బ్యాంకు ఖాతా డెబిట్ 4,90,000
బామ్మర్ది మూలధనం ఖాతా క్రెడిట్ 4,00,000
గుడ్‌విల్ ప్రీమియం ఖాతా క్రెడిట్ 90,000

రెండో పద్దు:
గుడ్‌విల్ ప్రీమియం ఖాతా డెబిట్ 90,000
అన్న మూలధనం ఖాతా క్రెడిట్ 45,000
తమ్ముడి మూలధనం ఖాతా క్రెడిట్ 45,000

ట్యాలీలో రాసేవాళ్లు మొదటిది F6 రసీదు వోచర్‌లో, రెండోది F7 జర్నల్ వోచర్‌లో వేయండి. రెండూ వేశాక ప్రీమియం ఖాతా నిల్వ సున్నా కావాలి. అందులో ఏదైనా మిగిలితే రెండో పద్దు మరచిపోయారనే అర్థం.

ఈ 90,000ను లాభనష్టాల ఖాతాకు తీసుకుపోకండి. అలా చేస్తే అది కొత్త ఏడాది లాభంలో కలిసి, బామ్మర్ది కట్టిన డబ్బులోంచి అతనికే 1/5 వెనక్కి వెళ్తుంది. అతని మూలధనంలో కలపడమూ తప్పే. అప్పుడు అతను ధరే కట్టనట్టవుతుంది.

అన్నదమ్ములు ఆ 45,000ను వెంటనే తీసుకోవాలనుకుంటే తీసుకోవచ్చు. వాళ్ల మూలధనం డెబిట్, బ్యాంకు క్రెడిట్. దుకాణంలోనే ఉంచితే, ఒప్పందంలో మూలధనంపై వడ్డీ ఉన్నప్పుడు ఆ మొత్తానికీ వడ్డీ వస్తుందని గుర్తుంచుకోండి.

7. డబ్బు ఇలా రాకపోతే

*కొంతే తెస్తే.* మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. "ఇప్పుడు 50,000 ఇస్త, మిగతాది పంట డబ్బులు వచ్చినంక" అంటాడు బామ్మర్ది. అప్పుడు బ్యాంకుకు వచ్చేది 4,50,000. మొదటి పద్దులో మూలధనం 4,00,000, ప్రీమియం 50,000. రెండో పద్దు ఇలా ఉంటుంది:

గుడ్‌విల్ ప్రీమియం ఖాతా డెబిట్ 50,000
బామ్మర్ది కరెంట్ ఖాతా డెబిట్ 40,000
అన్న మూలధనం ఖాతా క్రెడిట్ 45,000
తమ్ముడి మూలధనం ఖాతా క్రెడిట్ 45,000

ఇక్కడ కరెంట్ ఖాతా అంటే బ్యాంకులోది కాదు, దుకాణం పుస్తకాల్లో అతని పేరు మీద తెరిచే ఖాతా. అక్కడ 40,000 అతను దుకాణానికి బాకీ ఉన్నట్టు కనిపిస్తుంది. ఎప్పటిలోగా కడతాడో, లేక రాబోయే లాభంలో కోసుకుంటారో ఒప్పందంలో రాయించండి. ఏమీ తేకపోతే ఇదే పద్దులో 90,000 మొత్తం అతని కరెంట్ ఖాతాకు డెబిట్ అవుతుంది. అతని మూలధనంలోంచే తగ్గించుకుందామని అందరూ అనుకుంటే అలా కూడా చేయవచ్చు. కాకపోతే మూలధనం 3,10,000కు తగ్గుతుంది, ఒప్పందంలో రాసుకున్న 4,00,000తో పొంతన పోతుంది. నేనైతే కరెంట్ ఖాతానే వాడతాను.

*ఇంట్లోనే ఇచ్చిపుచ్చుకుంటే.* బామ్మర్ది ఆ 90,000ను అన్నదమ్ముల చేతికే విడిగా ఇస్తే దుకాణం పుస్తకాల్లో గుడ్‌విల్‌కు పద్దే రాదు. డబ్బు దుకాణానికి రాలేదు కదా. ఎవరికి ఎంత ముట్టిందో ఒప్పందంలో ఒక వాక్యం మాత్రం ఉంచండి.

*పాతవాళ్లలో ఒకరి వాటా పెరిగితే.* ఈ సందర్భంలో తప్పు చేయనివాళ్లు తక్కువ. అన్న వయసు మీదపడి పని తగ్గించుకుంటున్నాడనుకోండి. కొత్త నిష్పత్తి అన్నకు 35, తమ్ముడికి 45, బామ్మర్దికి 20 శాతం అని పెట్టుకున్నారు. అన్న 60 నుంచి 35కు దిగాడు, వదులుకున్నది 25 శాతం. తమ్ముడు 40 నుంచి 45కు ఎక్కాడు, అంటే 5 శాతం లబ్ధి. అప్పుడు తమ్ముడికి గుడ్‌విల్ డబ్బులో రూపాయి కూడా రాదు. పైగా బామ్మర్దితో పాటు తనూ అన్నకు కట్టాలి. 4,50,000లో 5 శాతం 22,500.

గుడ్‌విల్ ప్రీమియం ఖాతా డెబిట్ 90,000
తమ్ముడి మూలధనం ఖాతా డెబిట్ 22,500
అన్న మూలధనం ఖాతా క్రెడిట్ 1,12,500

తీసివేతలో మైనస్ గుర్తు వస్తే లెక్క తప్పిందని కంగారుపడి గుర్తు మార్చేయకండి. మైనస్ అంటే ఆ మనిషి లబ్ధిపొందాడని అర్థం.

*గుడ్‌విల్ ఊసే ఎత్తకపోతే.* కొన్నిసార్లు "1/5 వాటాకు 4,90,000 మూలధనం" అని మాత్రమే రాసుకుంటారు. ఆ మొత్తాన్ని వాటాకు తగ్గట్టు నిర్ణయించామని వాళ్లు చెబితే, దాచి ఉన్న గుడ్‌విల్‌ను బయటికి తీయవచ్చు. 1/5కు 4,90,000 అయితే మొత్తం 24,50,000. నిజంగా ఉన్న మూలధనం 15,00,000 + 4,90,000 = 19,90,000. తేడా 4,60,000 గుడ్‌విల్, అతని వాటా 92,000. దాన్ని అతని కరెంట్ ఖాతాకు డెబిట్ చేసి, వదులుకున్నవాళ్లకు త్యాగ నిష్పత్తిలో క్రెడిట్ ఇవ్వాలి. మూలధనం ఊరికే చేతిలో ఉన్నంత పెట్టి ఉంటే ఈ లెక్కకు అర్థం లేదు. పరీక్షలో కనిపించినంతగా ఇది దుకాణాల్లో పనికిరాదు.

8. లెక్క సరిపోయిందో లేదో చూడండి

ట్రయల్ బ్యాలెన్స్ కలిసిందని నిశ్చింతగా ఉండకండి. 54,000, 36,000 రాసినా అది కలుస్తుంది. దీనికి వేరే పరీక్ష ఉంది.

రేపే ఈ దుకాణాన్ని ఎవరో కొని, గుడ్‌విల్‌కు సరిగ్గా 4,50,000 ఇచ్చారనుకోండి. బామ్మర్ది చేరకపోతే అన్నకు అందులో 2,70,000, తమ్ముడికి 1,80,000 వచ్చేవి. చేరిక తర్వాత కూడా వాళ్లకు అంతే దక్కాలి. బామ్మర్ది కట్టినదే అతనికి తిరిగి రావాలి.

అన్న: కొత్త వాటా 2,25,000 + ఇప్పటికే అందిన 45,000 = 2,70,000. సరిపోయింది.
తమ్ముడు: 1,35,000 + 45,000 = 1,80,000. సరిపోయింది.
బామ్మర్ది: కట్టింది 90,000, వచ్చేది 90,000. సరిపోయింది.

పాత నిష్పత్తిలో పంచిన లెక్కను ఇదే పరీక్షకు పెట్టండి. అన్నకు 2,25,000 + 54,000 = 2,79,000 వస్తుంది. తమ్ముడికి 1,35,000 + 36,000 = 1,71,000. తమ్ముడి 9,000 అన్న జేబులోకి పోయినట్టు కళ్లకు కనిపిస్తుంది. వాటా పెరిగిన సందర్భానికీ ఇది పనిచేస్తుంది: అన్న 1,57,500 + 1,12,500 = 2,70,000, తమ్ముడు 2,02,500 − 22,500 = 1,80,000.

ఇది కాక మొత్తాలు కూడా ఒకసారి చూడండి. చేరిక తర్వాత మూలధనాలు అన్న 9,45,000, తమ్ముడు 6,45,000, బామ్మర్ది 4,00,000, కలిపి 19,90,000. ముందున్న 15,00,000కు వచ్చిన 4,90,000 కలిపితే అదే రావాలి. గుడ్‌విల్‌లో 40,000 బాకీ పెట్టిన సందర్భంలో ఇవే మూలధనాల్లోంచి కరెంట్ ఖాతా బాకీ 40,000 తీసేస్తే 19,50,000 వస్తుంది. 15,00,000, 4,50,000 కలిపినా అంతే.

ఆస్తి అప్పుల పట్టీలో గుడ్‌విల్ ఎందుకు కనిపించదు?

ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది. పాత తరం గుమాస్తాలు 4,50,000ను గుడ్‌విల్ ఆస్తిగా డెబిట్ చేసి, పాత నిష్పత్తిలో క్రెడిట్ ఇచ్చి, పట్టీలో అలాగే ఉంచేవారు. ఇప్పుడు అలా ఉంచకూడదు. డబ్బు పెట్టి కొన్న గుడ్‌విల్‌నే ఆస్తిగా చూపవచ్చని, వ్యాపారం తనంతట తాను పెంచుకున్న పేరును ఆస్తిగా రాయకూడదని అకౌంటింగ్ స్టాండర్డ్ 26 చెబుతుంది. అందుకే మనం కట్టిన 4,50,000 పక్క కాగితం మీదే ఉంటుంది, భాగస్వాముల ఖాతాల మధ్య సర్దుబాటు మాత్రమే పుస్తకాల్లోకి వస్తుంది. చేరిక తర్వాత మీ పట్టీలో గుడ్‌విల్ అనే వరుస కనిపిస్తే రెండో మెట్టు వదిలేశారేమో వెనక్కి వెళ్లి చూడండి.

ఆ పక్క కాగితాన్ని పారేయకండి. మూడేళ్ల సవరించిన లాభాలు, తీసేసిన జీతం, 12 శాతం, రెండున్నర ఏళ్లు, త్యాగ నిష్పత్తి అన్నీ ఒక పేజీలో రాసి, ముగ్గురి సంతకాలు తీసుకుని కొత్త ఒప్పందానికి జత చేయండి. నమోదైన సంస్థ అయితే భాగస్వామి మార్పును ఫర్మ్స్ రిజిస్ట్రార్‌కు తెలియజేసేటప్పుడు ఒప్పందం ఎలాగూ బయటికి తీస్తారు. దానితో పాటే ఈ పేజీ కాపీ ఒకటి దుకాణం ఫైల్లో ఉంచండి. రేపు అన్న పూర్తిగా తప్పుకునే రోజున అతని వాటా గుడ్‌విల్ కట్టడానికి మొదట అడిగేది ఈ కాగితమే.